చెంపల ఎరుపు ఎవరి కోసం?

ఎంఆర్‌ఐ గొట్టంలో పడుకుని తాను పాడిన పాట తానే చూడాల్సి వస్తే ఎవరికైనా చెవులు వేడెక్కుతాయి. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ పనే చేయించారు. 16 నుంచి 20 ఏళ్ల అమ్మాయిల చేత ముందు కరవోకేలో కష్టమైన పాటలు పాడించి వీడియో తీశారు. తర్వాత స్కానర్‌లో పడుకోబెట్టి ఆ వీడియోలు చూపించారు. మధ్య మధ్యలో వేరేవాళ్లు పాడినవి కూడా వేశారు. తమ వీడియో వచ్చినప్పుడు చెంపల వేడి ఎక్కువగా పెరిగింది. అప్పుడు మెదడులో చురుగ్గా కనిపించినవి చిన్నమెదడు, చూపు తొలి దశలో పనిచేసే ప్రాంతాలు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించేటప్పుడు మామూలుగా కదిలే ప్రాంతాల్లో మాత్రం చెప్పుకోదగ్గ అలికిడి లేదు.

దాంతో పాత తగాదా మళ్లీ లేచింది. ముఖం ఎర్రబడటం మీద డార్విన్ 1872లో రెండు మాటలు చెప్పాడు. ఇతరులు మన గురించి ఏమనుకుంటున్నారో అన్న ఆలోచనే దీనికి మూలం అన్నది మొదటిది. దీనివల్ల ఎర్రబడ్డవాడికి బాధ, చూసేవాడికి ఇబ్బంది తప్ప ఇద్దరికీ ఏ ప్రయోజనమూ లేదన్నది రెండోది. కొత్త ఫలితం మొదటి మాటను గట్టిగానే కదిలించింది. పనిలో పనిగా రెండో మాటకు బలం చేకూర్చినట్టు కూడా కనిపిస్తుంది. ఇతరుల ఆలోచనే లేకపోతే ఇతరులకు సందేశం ఎక్కడిది, ఇది వట్టి ఉద్వేగపు సెగ కదా అని అడగొచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు 2024లో దొరకదు. 2011కి వెళ్లాలి. అప్పటిదాకా జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఎర్రబడ్డ మనిషిని పరీక్షించింది. నెదర్లాండ్స్‌కు చెందిన కోరిన్ డైక్, పీటర్ డి యాంగ్, వాళ్ల సహచరులు ఆ ఎరుపును చూసేవాళ్లను పరీక్షించారు. నా లెక్కలో మలుపు అదే.

వాళ్లు 196 మంది చేత కంప్యూటర్ మీద ఒక ఆట ఆడించారు. ఇద్దరూ సహకరించుకుంటే ఇద్దరికీ లాభం, ఒకరు మోసం చేస్తే రెండోవాళ్లకు నష్టం. ఎదుటి ఆటగత్తె నిజానికి కంప్యూటర్ సృష్టే. మొదటి రౌండులో ఆమె బుద్ధిగా సహకరించింది, రెండో రౌండులో దెబ్బ కొట్టింది. అప్పుడు తెర మీద ఆమె ఫొటో వచ్చింది. కొందరికి చెంపలు ఎర్రబడిన ముఖం, కొందరికి ఎర్రబడని ముఖం. తర్వాత ఇంకో ఆట పెట్టి, ఆమెను నమ్మి ఎంత డబ్బు అప్పగిస్తారని చూశారు. మోసపోయింది అందరూ ఒకేలా. అయినా ఎర్రబడిన ముఖం చూసినవాళ్లు ఎక్కువ డబ్బు అప్పగించారు. మళ్లీ మోసం చేసే అవకాశం తక్కువేనని కూడా అనుకున్నారు.

ఆమె ‘సారీ’ అనలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. చెంపల మీది రంగు ఒక్కటే ఆ పని చేసింది. మాటకు లేని పలుకుబడి దానికి ఎందుకంటే, ‘సారీ’ ఎవరైనా అనగలరు, చెంపల్లోకి నెత్తురు ఎవరూ కావాలని తెచ్చుకోలేరు. కంగారులో చేతులు చల్లబడతాయి, అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ముఖంలో తీరు వేరు. ముఖపు సిరల్లో అడ్రినలిన్ లాంటి రసాయనాలు తగిలితే సిరను వదులు చేసే బీటా గ్రాహకాలు ఉన్నాయని 1982లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. చెంపల్లో రక్తనాళాలు దట్టంగా, చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ రంగు బయటికి కనిపిస్తుంది. దీన్ని నడిపే నరాలు మన అదుపులో ఉండవు. తెచ్చుకోలేం సరే, ఆపుకోనూ లేం. ‘అయ్యో, నీ ముఖం ఎర్రబడుతోంది’ అని ఎవరైనా అంటే ఇంకా పెరుగుతుంది. పక్కనుంచి అనేవాళ్లకు అదో సరదా.

అయితే ఈ కథలో ఎరుపు ప్రతిసారీ మంచే చేస్తుందని అనుకోకూడదు. అదే డి యాంగ్ బృందం 2003లోనే దీని రెండో ముఖాన్ని చూపించింది. తప్పు జరిగిందో లేదో తేలని పరిస్థితిలో ముఖం ఎర్రబడితే చూసేవాళ్లు దాన్ని నేరం ఒప్పుకున్నట్టే తీసుకున్నారు. పదిమంది కూర్చున్న గదిలో ఎవరిదో పర్సు కనబడలేదనుకోండి. అందరి చూపూ మీ వైపు తిరిగి, అందుకే మీ చెంపలు కందితే, తీయని పర్సు మీ ఖాతాలో పడుతుంది. తప్పు అందరికీ తెలిసినప్పుడు ఎరుపు ‘నేను సిగ్గుపడుతున్నాను’ అని చెబుతుంది, తెలియనప్పుడు ‘దొరికిపోయాను’ అని చెబుతుంది. రెండు చోట్లా నెత్తురు ఒకటే, దాన్ని చదివే తీరే మారింది.

మరి పొగిడితే ఎందుకు ఎర్రబడతాం? అక్కడ తప్పే లేదు కదా. మీటింగులో పేరు పిలిచి మెచ్చుకుంటూ చప్పట్లు కొడతారు. ఆ పది సెకన్లు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, నవ్వు ఆపుకోవాలో వద్దో తెలియదు, చెవి తమ్మెలు మాత్రం కాలిపోతుంటాయి. అమెరికా మనస్తత్వవేత్త మార్క్ లియరీ, ఆయన సహచరులు 1992లో చెప్పిన మాట ఇక్కడ సరిపోతుంది. నింద, పొగడ్త రెండింటిలోనూ ఉన్నది మనం కోరని చూపు. అందరి కళ్లూ ఒక్కసారిగా మన మీద పడతాయి, అదే చాలు. 2004లో ఆస్ట్రేలియాలో పీటర్ డ్రమ్మండ్, మిర్కో చేసిన పరీక్ష దీన్ని దాదాపు హాస్యంగా రుజువు చేసింది. ముఖంలో ఒక పక్కనే దగ్గరగా తేరిపార చూస్తే, ఆ పక్క చెంపలోనే రక్తప్రవాహం ఎక్కువ పెరిగింది.

ఇప్పుడు మళ్లీ కరవోకే అమ్మాయిల దగ్గరికి వద్దాం. ఎదుటివాళ్ల మనసు చదవకుండానే, తన మీద చూపు పడిందన్న స్పృహ, ఆ ఉద్వేగం ఎరుపు తెప్పిస్తే తెప్పించనివ్వండి. అది ఎలా మొదలవుతుందన్నది ఒక ప్రశ్న, మొదలయ్యాక ఎదుటివాళ్ల మీద ఏం పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. పసిబిడ్డ ఏడుపు అమ్మ ఏమనుకుంటుందో లెక్క వేసుకుని రాదు, అయినా అమ్మ లేచి వస్తుంది. స్కానర్‌లో కొలిచింది పాడిన అమ్మాయిల చెంపల వేడిని. ఆ చెంపలు చూసి ఎవరు ఏమనుకున్నారన్నది ఆ పరీక్షలో భాగమే కాదు. అందుకే 2024 ఫలితం 2011 ఫలితాన్ని కొట్టేయలేదు. రెండూ వేరువేరు చోట్ల తీసుకున్న కొలతలు.

ఎరుపు ఎదుటివాళ్లకు సందేశం అనేవాళ్లను నిజంగా ఇరుకున పెట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. నల్లని చర్మం ఉన్నవాళ్లలో కూడా రక్తప్రవాహం పెరుగుతుంది, వేడి తెలుస్తుంది, కానీ రంగు అంతగా కనబడదు. కనబడని సందేశం ఎవరికి చేరుతుంది? ఎరుపు ఒంటరిగా రాదన్నది వాళ్ల జవాబు. అమెరికా మనస్తత్వవేత్త డాకర్ కెల్ట్‌నర్ 1995లో సిగ్గుపడినవాళ్ల వీడియోలను క్షణాల వారీగా విడదీసి చూశాడు. చూపు కిందికి వాలుతుంది, నవ్వును పెదవులతో అదుముతారు, తల పక్కకు తిరుగుతుంది, ఒక్కోసారి చెయ్యి ముఖం మీదికి వెళ్తుంది. ఇవి ఏ రంగు ముఖంలోనైనా కనిపిస్తాయి. కాకపోతే తల వంచడం, నవ్వు అదుమడం నటించొచ్చు. ఎరుపుకు అంత విలువ వచ్చింది నటించలేం కాబట్టే అయితే, రంగు కనబడని చోట ఆ నమ్మకాన్ని ఏది మోస్తుందో వాళ్లు ఇంకా చెప్పాల్సి ఉంది.