నెలాఖరు డిక్లరేషన్ మెయిల్: సరుకు ఇన్సూరెన్స్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి వ్యాపారులకూ, విజయవాడ ఆటోనగర్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులకూ సరుకు ఇన్సూరెన్స్ పనులు చూస్తుంటాను. ప్రతి నెలా మొదటి వారంలో నా మెయిల్ బాక్స్‌లోకి ఇంచుమించు ఒకే ఉత్తరం వస్తుంది: "గత నెల డిస్పాచ్‌ల లిస్టు జత చేశాం, ప్రీమియం అడ్జస్ట్ చేయగలరు." పాలసీ వ్యాపారి పేరు మీద ఉంటుంది. ఎల్‌ఆర్‌లు, అంటే లారీ రసీదులు, ట్రాన్స్‌పోర్టర్ దగ్గరే ఉంటాయి కాబట్టి లిస్టు మాత్రం అతనే పంపుతాడు. ఇలా లిస్టు పంపడాన్నే డిక్లరేషన్ అంటారు. చూడటానికి మామూలు ఆఫీసు పనిలా ఉండే ఈ మెయిల్ చుట్టూ కొన్ని ప్రమాదకరమైన నమ్మకాలు పేరుకున్నాయి.

అపోహ: ఓపెన్ పాలసీ ఉంది కాబట్టి ఏడాదంతా ఎంత సరుకు పంపినా కవర్ అవుతుంది. ఎక్కువైతే నెలాఖరు మెయిల్‌లో ప్రీమియం అడ్జస్ట్ చేసుకుంటారు.

చాలామందిని నిండా ముంచేది ఈ నమ్మకమే. మన దగ్గర అందరూ ఓపెన్ కవర్ అనే అంటారు గానీ, లారీల్లో దేశంలోపల తిరిగే సరుకుకు సాధారణంగా తీసుకునేది ఓపెన్ పాలసీ. ఏడాదిలో ఎంత విలువైన సరుకు కదులుతుందో అంచనా వేసి, ఆ మొత్తానికి ప్రీమియం ముందే కడతాం. డిక్లేర్ చేసిన ప్రతి లోడు విలువా ఆ మొత్తంలోంచి తగ్గుతూ వస్తుంది. అది సున్నాకు చేరిందంటే, పాలసీ తేదీ ఇంకా మిగిలి ఉన్నా, తర్వాత బయలుదేరే లారీకి కవర్ లేనట్టే.

లెక్క సులువుగా ఉండేలా ఒక ఉదాహరణ వేసి చూద్దాం. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి ఏప్రిల్ 1 నుంచి 60 కోట్లకు పాలసీ తీసుకున్నాడు. రేటు 0.06 శాతం. ప్రీమియం 3,60,000, దానిపై 18 శాతం జీఎస్టీ 64,800. డిసెంబరు దాకా టెన్షన్ లేదు. జనవరి లిస్టు కూడా పోయాక 13.80 కోట్లు మిగిలింది. అప్పటికి యార్డుకు కొత్త పంట రాక మొదలైంది. ఫిబ్రవరిలో 7.10 కోట్ల సరుకు వెళ్లింది. అంటే మార్చి 1న చేతిలో ఉన్నది 6.70 కోట్లే.

మార్చిలో 39 లారీలు కదిలాయి. ఒక్కో లారీ సరుకు విలువ 24 లక్షలు, మొత్తం 9.36 కోట్లు. ఎల్‌ఆర్ వరుసలో లెక్కపెడితే 27 లారీలకు పూర్తి కవర్ ఉంది. 28వ లారీ దగ్గరికి వచ్చేసరికి 22 లక్షలే మిగిలాయి. ఆ తర్వాతి 11 లారీలకు ఏమీ లేదు. 31వ లారీ కోల్‌కతా వెళ్తూ తుని దాటాక బోల్తా పడి, టిక్కీలన్నీ పొలంలోని నీళ్లలో తడిసిపోయాయి అనుకోండి. ఏప్రిల్ 5న ట్రాన్స్‌పోర్టర్ ఎప్పటిలాగే లిస్టు పంపి, "అదనపు ప్రీమియం అడ్జస్ట్ చేయగలరు" అని రాస్తాడు. దేనిలోంచి అడ్జస్ట్ చేయాలి? కట్టిన డబ్బు 28వ లారీతోనే అయిపోయింది. ప్రీమియం ముందుగా అందనిదే ఇన్సూరెన్స్ కంపెనీ రిస్కు తీసుకోకూడదని 1938 ఇన్సూరెన్స్ చట్టం 64 వీబీ సెక్షన్ చెబుతుంది. ప్రమాదం జరిగాక డబ్బు కడతామంటే కంపెనీ ఒప్పుకోదు.

ఇంతకీ తక్కువ పడిన ప్రీమియం ఎంత? మించిపోయిన 2.66 కోట్లకు 15,960. జీఎస్టీతో కలిపి 19 వేల లోపే. ఆ కాస్త మొత్తం ముందుగా కట్టనందుకు 24 లక్షల క్లెయిము ప్రశ్నార్థకమైంది. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీన్ని ఫిబ్రవరి మొదటి వారంలోనే పసిగట్టవచ్చు. జనవరి లిస్టు పంపేటప్పుడే మిగిలింది 13.80 కోట్లని తెలుసు. పోయిన ఏడాది ఫిబ్రవరి, మార్చి ఎల్‌ఆర్ పుస్తకం తిరగేస్తే ఎంత కదులుతుందో కూడా తెలుస్తుంది.

అప్పుడు రాయాల్సిన మెయిల్ ఇలా ఉండాలి: "జనవరి డిస్పాచ్‌లు జత చేశాం. ఈ లిస్టుతో కలిపి ఇప్పటివరకు డిక్లేర్ చేసినది 46.20 కోట్లు, మిగిలింది 13.80 కోట్లు. సీజన్ దృష్ట్యా పాలసీ మొత్తాన్ని మరో 5 కోట్లు పెంచండి. ప్రీమియం 30,000, జీఎస్టీ 5,400, మొత్తం 35,400 ఈ రోజే చెల్లించాం. ఎండార్స్‌మెంట్ పంపగలరు." ఎండార్స్‌మెంట్ అంటే పాలసీలో మార్పును ధ్రువీకరిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం. అది చేతికొచ్చాక అందులోని తేదీ, మొత్తం సరిచూసుకోండి. మెయిల్ పంపినంత మాత్రాన పాలసీ మొత్తం పెరగదు.

అపోహ: దగ్గరి ట్రిప్పులూ, క్షేమంగా చేరిపోయిన లోడ్లూ లిస్టులో వేయక్కర్లేదు. బ్యాలెన్స్ ఆదా అవుతుంది.

పైన చెప్పిన ఇబ్బంది తెలిసినవాళ్లు కొందరు పట్టే అడ్డదారి ఇది. చిలకలూరిపేట వెళ్లిన లారీని వదిలేసి ముంబై వెళ్లినదాన్ని మాత్రం చూపిస్తారు. పాలసీ పరిధిలోకి వచ్చే ప్రతి లోడునూ, బయలుదేరిన వరుసలో, నిజమైన విలువతో చూపించాలన్నది ఓపెన్ పాలసీకి ప్రాణం లాంటి షరతు. క్లెయిము వస్తే నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు ఆ ఒక్క ఎల్‌ఆర్‌తో ఆగడు. ఎల్‌ఆర్ పుస్తకం, ఇన్వాయిస్ రిజిస్టరు, ఈ-వే బిల్లులు అడుగుతాడు. ఎల్‌ఆర్ నంబర్లు 412, 413, 416 అని కనబడితే, 414, 415 ఎటు పోయాయని అడుగుతాడు. క్యాన్సిల్ అయితే "రద్దు" అని రాసి ఆ నంబరునూ లిస్టులో ఉంచండి.

తేదీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లిస్టులో ఉండాల్సింది సరుకు బయలుదేరిన తేదీ. మీరు కిరాయి బిల్లు కొట్టిన తేదీ వేస్తే వరుస చెదురుతుంది, ఏ లారీ దగ్గర బ్యాలెన్స్ అయిపోయిందో తేల్చడం కష్టమవుతుంది.

అపోహ: లిస్టులో ఒక లారీ పొరపాటున తప్పిపోతే, దానికి క్లెయిము రానే రాదు.

అంత భయం అక్కర్లేదు. డిక్లరేషన్‌లో మంచి ఉద్దేశంతో జరిగిన తప్పునూ, వదిలేసిన లోడునూ నష్టం జరిగిన తర్వాత కూడా సరిదిద్దుకోవచ్చని 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 31వ సెక్షన్ అంటుంది. ఆ చట్టం ఓడ సరుకును దృష్టిలో పెట్టుకుని రాసినదే అయినా, లారీ సరుకు డిక్లరేషన్లూ అదే సూత్రం మీద నడుస్తాయి. ఉద్దేశం మంచిదని చూపించేది మాత్రం మీ పాత లిస్టులే. తప్పు కనబడగానే సవరణ మెయిల్ పెట్టండి, పాత లిస్టును చెరిపేయకుండా కొత్తదాన్ని జత చేయండి. పాలసీలో రాసిన గడువు దాటి లిస్టులు పంపడం అలవాటైతే ఈ వెసులుబాటు అడగడం కష్టం.

అపోహ: అంచనా కన్నా తక్కువ సరుకు పంపితే మిగిలిన ప్రీమియం పోయినట్టే.

పోదు, కానీ అడగాలి. పైన చెప్పినట్టు 5 కోట్లు పెంచుకుని ఉంటే, అందులో వాడేది 2.66 కోట్లే. మిగతా 2.34 కోట్ల ప్రీమియం 14,040. పాలసీ ముగిశాక చివరి లిస్టుతో పాటు పన్నెండు నెలల మొత్తం చూపిస్తూ రీఫండ్ కోరాలి. కనీసం ఇంత ప్రీమియం ఉంచుకుంటామన్న షరతు పాలసీలో ఉందేమో ముందు చదవండి, ఉంటే ఆ మేరకు తగ్గుతుంది.

అపోహ: డిక్లరేషన్ పంపేది ట్రాన్స్‌పోర్టరే కాబట్టి పాలసీ ఆయన్నీ కాపాడుతుంది.

ట్రాన్స్‌పోర్టు అన్నలూ, ఇది మీకోసం. పాలసీ వ్యాపారి పేరు మీద ఉంటే కంపెనీ ఆయనకు డబ్బిచ్చి, ఆయన హక్కుతోనే మీ దగ్గర వసూలుకు రావచ్చు. అందుకే క్లెయిము వేసే వ్యాపారి ట్రాన్స్‌పోర్టర్‌కు రాతపూర్వక నోటీసు ఇచ్చాడా లేదా అని సర్వేయరు చూస్తాడు. 2007 క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా ఆ నోటీసు అందాలి. అది అందుకున్నప్పుడు కోపగించుకోకండి, క్లెయిము ఫైల్లో ఉండాల్సిన కాగితం అది. మీ బాధ్యతకు కవర్ కావాలంటే క్యారియర్స్ లీగల్ లయబిలిటీ పాలసీని మీ పేరు మీద విడిగా తీసుకోవాలి.