ఈసీజీ కాగితం మీద కనపడిన పొటాషియం

మే నెల మధ్యాహ్నం. అనంతపురంలో నేను డ్యూటీలో ఉన్న ఆసుపత్రికి నార్పల వైపు నుంచి ఒక చీనీ రైతును ఆటోలో తీసుకొచ్చారు. వయసు అరవై దాటింది. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. "కాళ్లు చచ్చుపడినట్టుండాయి సార్, లేయలేకుండా ఉండాను" అన్నాడు, అంతే. నాడి పట్టుకుంటే నిమిషానికి 44. ఇంత ఎండలో తోట నుంచి వచ్చిన మనిషికి నాడి వేగంగా కొట్టుకోవాలి. అది చూసి నాకు టెన్షన్ మొదలైంది.

ఈసీజీ తీశాం. ఆ కాగితం మీద ఒక చిన్న గడి సెకనులో 25వ వంతు. గుండె కింది గదులు ముడుచుకునే ముందు కరెంటు పాకినప్పుడు పడే గీతను క్యూఆర్‌ఎస్ అంటారు. అది మామూలుగా మూడు చిన్న గడులలోపే ముగుస్తుంది. ఈయనకు దాదాపు ఐదు గడులు పట్టింది. దాని ముందు పై గదులు గీసే చిన్న గుట్ట, పీ తరంగం, ఎక్కడా లేదు. తర్వాత వచ్చే టీ తరంగం మామూలుగా ఒక పక్కకు వాలిన గుట్టలా ఉంటుంది. ఈయనకు మాత్రం ఎత్తుగా, ఇరుకుగా, గుడారం కొనలా మొనదేలి ఉంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగినప్పుడు కనిపించే గీతలివి. రక్తం ల్యాబుకు పంపాం గానీ రిపోర్టు కోసం ఆగలేదు. వెంటనే నరం ద్వారా కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టాం. తర్వాత వచ్చిన రిపోర్టులో పొటాషియం 7.4. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య.

అసలు ఏం జరిగిందో చెప్పాలంటే పొటాషియం ఎక్కడ ఉంటుందో తెలియాలి. మన ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది. లీటరుకు మిల్లీమోల్స్ లెక్కన చూస్తే లోపల సుమారు 140, బయట రక్తంలో 4. గుండె కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని గోడకు అటూ ఇటూ ఉండే విద్యుత్తు ప్రధానంగా బయటికంటే లోపల ఎన్ని రెట్లు ఉందన్న దాని మీదే నిలబడుతుంది. లోపల పది తగ్గినా పెద్దగా మారేదేమీ లేదు. బయట 4 కాస్తా 7 అయితే మాత్రం 35 రెట్లున్నది 20 రెట్లకు, అంటే సగానికి దగ్గరగా పడిపోతుంది.

కణంలోకి సోడియం దూసుకొచ్చే చిన్న తలుపులు ఉంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇవి తెరుచుకుని మూసుకుంటాయి. కణం పూర్తిగా విశ్రాంతిలోకి వెళితేనే అవి మళ్లీ తెరుచుకోవడానికి సిద్ధమవుతాయి. బయట పొటాషియం పెరిగితే కణం ఆ విశ్రాంతి దాకా దిగలేదు. చాలా తలుపులు గడియ పడినట్టు ఉండిపోతాయి. అందువల్ల కరెంటు ఒక కణం నుంచి పక్క కణానికి ఈడ్చుకుంటూ పాకుతుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. పై గదుల కండరం దీన్ని ముందుగా తట్టుకోలేదు కాబట్టి పీ తరంగం మాయమవుతుంది. టీ ఎత్తుగా మొనదేలడానికి కారణం వేరు. బయట పొటాషియం ఎక్కువైతే కణాలు తిరిగి సర్దుకునే పని త్వరత్వరగా, అన్నీ ఒక్కసారే చేస్తాయి. చికిత్స అందకపోతే క్యూఆర్‌ఎస్, టీ కలిసిపోయి కాగితం మీద ఒట్టి అలలు మిగులుతాయి. ఆ తర్వాత గుండె ఆగిపోవచ్చు.

మేం ఇచ్చిన కాల్షియం 10 శాతం మందు 10 మిల్లీలీటర్లు, సుమారు ఐదు నిమిషాల్లో. మందు పూర్తయిన కాసేపటికి మళ్లీ ఈసీజీ తీస్తే క్యూఆర్‌ఎస్ మూడు గడులకు దగ్గరపడింది. ఆయన కొడుకు "తగ్గిపోయిందా సార్?" అన్నాడు. తగ్గలేదు. కాల్షియం పొటాషియాన్ని రవ్వంత కూడా తగ్గించదు. గుండె కణాలు ఆ పరిస్థితిని అరగంటో గంటో తట్టుకునేలా చేస్తుంది, అంతే. ఆ వ్యవధిలోనే 10 యూనిట్ల ఇన్సులిన్, దానితో పాటు చక్కెర పడిపోకుండా గ్లూకోజు ఇచ్చాం. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల లోపలికి తోస్తుంది. అది కూడా కొన్ని గంటలు దాచిపెట్టడమే. నిజంగా బయటికి పంపింది ఆ సాయంత్రం చేసిన డయాలసిస్.

ఇంత ఎలా పెరిగింది? ఆయనకు షుగర్ వల్ల కిడ్నీలు ముందే దెబ్బతిన్నాయి. బీపీకి టెల్మిసార్టాన్, కాళ్ల వాపుకు స్పైరోనోలాక్టోన్ వాడుతున్నాడు. రెండూ మంచి మందులే, కానీ రెండూ కిడ్నీ పొటాషియాన్ని వదలకుండా చేస్తాయి. పైన మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొన్న నొప్పి బిళ్లలు కిడ్నీని ఇంకా నీరసపరిచాయి. ఎండ దెబ్బ తగలకూడదని రోజూ రెండు టెంకాయల నీళ్లు తాగుతున్నాడు. అందులో దాదాపు 35 మిల్లీమోల్స్ పొటాషియం ఉంటుంది. మన రక్తంలోనూ కణాల చుట్టూ ఉన్న నీటిలోనూ కలిపి ఉండేదే 60 చిల్లర. ఆరోగ్యవంతుడు తాగితే కణాలు గంటలోపే చాలావరకు లాక్కుంటాయి, మిగతాది కిడ్నీ మూత్రంలో పంపేస్తుంది. ఈయన విషయంలో ఆ రెండో దారి మూసుకుపోయింది.

ఈసీజీని గుడ్డిగా నమ్మకూడదు. పొటాషియం 7 ఉన్నా ఈసీజీ మామూలుగా ఉన్నవాళ్లుంటారు, ముఖ్యంగా అది నెమ్మదిగా పెరిగినప్పుడు. అందుకే "ఈసీజీ బాగుంది కదా" అని రక్త పరీక్ష మానుకోవడం తప్పు. అలాగని రక్త పరీక్ష కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి వదలమన్నా, సన్నని సూదితో బలవంతంగా లాగినా, ట్యూబు గంటలకొద్దీ పక్కన పడి ఉన్నా కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది. ఎర్రకణాలు పగిలితే పైన తేలే పసుపుపచ్చ ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. ల్యాబు టెక్నీషియన్ అది చూసి "శాంపిల్ చెడింది, మళ్లీ పంపండి" అంటే విసుక్కోకూడదు. అయితే ఈసీజీ ఈ రైతుకు ఉన్నట్టు ఉంటే రెండో శాంపిల్ కోసం చికిత్స ఆపకూడదు.

పొటాషియం తగ్గినప్పుడు కథ తిరగబడుతుంది. రోజుల తరబడి వాంతులు విరేచనాలైనవాళ్లలో, మూత్రం ఎక్కువగా పోయే ఫ్యూరోసెమైడ్ లాంటి బిళ్లలు వాడేవాళ్లలో ఇది చూస్తాం. వీళ్లకూ కాళ్లు పట్టు తప్పుతాయి, కాబట్టి లక్షణాన్ని బట్టి ఎక్కువో తక్కువో చెప్పలేం. వీళ్లలో గుండె కణాలు ప్రతి దెబ్బ తర్వాత సర్దుకోవడానికి ఆలస్యం చేస్తాయి. ఈసీజీలో టీ తరంగం చదునవుతుంది, దాని వెనక యూ అనే ఇంకో చిన్న గుట్ట లేస్తుంది. ఆ ఆలస్యంలో అదనపు దెబ్బ ఒకటి పడితే కింది గదులు అదుపు తప్పి కొట్టుకోవచ్చు. మెగ్నీషియం కూడా తగ్గి ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు, రెండూ ఇవ్వాలి. నరం ద్వారా ఇచ్చేటప్పుడు సెలైన్‌లో కలిపి, మామూలుగా గంటకు 10 మిల్లీమోల్స్ చొప్పున నెమ్మదిగా ఎక్కిస్తారు. అదే మందును కలపకుండా ఒక్కసారి తోస్తే గుండె ఆగుతుంది.

మా రైతుకు మర్నాడు పొద్దున పొటాషియం 4.9 వచ్చింది. స్పైరోనోలాక్టోన్, నొప్పి బిళ్లలు ఆపేశాం. "టెంకాయ నీళ్లు ఇంక అస్సలు తాగగూడదా నాయన?" అని కొడుకు అడిగాడు. కిడ్నీలు ఈ స్థితిలో ఉన్నంతవరకు వద్దన్నాను. చీనీ రసం, అరటిపండు కూడా. దాహమైతే మామూలు నీళ్లు, అవి కూడా మేం చెప్పినంతే. బిళ్లలు మార్చాం కాబట్టి వారంలో మళ్లీ రక్తం ఇవ్వడానికి రమ్మని చీటీ మీద తారీఖు రాసిచ్చాను.