ముప్పావు అంగుళం కాంక్రీటు: అగ్నిప్రమాదంలో భవనం ఎన్ని గంటలు నిలబడాలో ఎలా లెక్కగట్టారు?

2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్స్ రోడ్డులోని దక్కన్ మాల్‌లో ఉదయం అంటుకున్న మంటలు రాత్రిదాకా మండుతూనే ఉన్నాయి. లోపల చిక్కుకున్న ముగ్గురు చనిపోయారు. వరంగల్ నిట్ నిపుణులు వచ్చి చూశాక ఆ భవనం పనికిరాదని తేల్చారు, జీహెచ్‌ఎంసీ దాన్ని కూల్చేసింది. ఆ వారం రోజులూ బస్సుల్లోనూ టీ కొట్ల దగ్గరా జనం అడిగిన ప్రశ్న ఒకటే. కాంక్రీటు కాలదు కదా, మరి కూల్చడమెందుకు?

కాలకపోవడం వేరు, మంటలో నిలబడటం వేరు. ఈ తేడా ఇంజనీర్లకు తెలిసిరావడానికి వందేళ్లకు పైనే పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఇనుప దూలాల మధ్య ఇటుకతో చిన్న చిన్న వంపులు కట్టి, పైన సున్నం కాంక్రీటు పరిచిన అంతస్తులను ఇంగ్లండ్‌లో, అమెరికాలో 'ఫైర్‌ప్రూఫ్' అని చెప్పుకునేవారు. చెక్క లేదు కాబట్టి అంటుకోదని వాళ్ల ధైర్యం. అలాంటి కప్పులు హైదరాబాద్ పాతబస్తీలోనూ ఉన్నాయి. వాటి కింద నిలబడి తల ఎత్తితే ఇటుక వంపుల మధ్య దూలం అడుగు అంచు వరసలు వరసలుగా కనిపిస్తుంది. ఆ కప్పుకు అసలు లోపం అక్కడే ఉంది. ఇటుక మంటను తట్టుకుంటుంది గానీ బరువు మోసే ఉక్కు అంచు నేరుగా మంటకు ఎదురుగా ఉంటుంది. ఉక్కు 550 నుంచి 600 డిగ్రీలకు చేరేసరికి దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఏ పూతా లేని మామూలు దూలం పెద్ద మంటలో అరగంట లోపే ఆ వేడికి చేరుతుంది. పైగా 500 డిగ్రీలు వేడెక్కితే పది మీటర్ల దూలం 60 మి.మీ. దాకా సాగి, తనను మోస్తున్న గోడను బయటికి నెడుతుంది. ఇప్పుడు మన డాబాల మీద వేస్తున్న రేకుల షెడ్ల ఇనుప ఫ్రేములదీ ఇదే కథ.

1871లో షికాగో తగలబడింది, 1904లో బాల్టిమోర్. 'ఫైర్‌ప్రూఫ్' మాటకు విలువ పోయింది. ఫైర్‌ప్రూఫా కాదా అని కాక, ఎంతసేపు తట్టుకుంటుందని అడగడం మొదలైంది. అప్పటికే న్యూయార్క్‌లో, లండన్‌లో అంతస్తుల నమూనాలు కట్టి, కింద మంట పెట్టి చూస్తున్నారు. అయితే ఒకరి మంట ఒకరి మంటతో పోలేది కాదు. 1916–17లో ఇంజనీరు ఐరా వుల్సన్ నడిపిన సమావేశాల్లో, ఎంతసేపటికి ఎంత వేడి ఉండాలో చెప్పే ఒకే రేఖకు అందరూ ఒప్పుకున్నారు. పరీక్ష కొలిమిలో వేడి అయిదు నిమిషాలకు 538 డిగ్రీలు, గంటకు 927, రెండు గంటలకు 1010, నాలుగు గంటలకు 1093 ఉండాలి. తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణంలోని రేఖ, మన ఐఎస్ 3809 పరీక్ష కూడా ఈ బాటలోనే నడిచాయి.

'రెండు గంటల రేటింగ్' అంటే ఆ కొలిమిలో రెండు గంటలు నెగ్గిందని అర్థం. పరీక్షలో మూడు సంగతులు చూస్తారు. మోయాల్సిన బరువును మోస్తూ కూలకుండా ఉందా? పగుళ్లలోంచి మంట అవతలికి దూరిందా? మంట లేని వైపు సగటున 140 డిగ్రీలకు మించి వేడి పెరిగిందా? (ఏదైనా ఒక్క చోట అయితే 180 డిగ్రీలకు మించకూడదు.) మూడోది ఎందుకంటే, గోడ నిలబడే ఉన్నా అవతల ఆనించి పెట్టిన గుడ్డల మూట దానంతట అదే అంటుకోవచ్చు. జనం బయటపడటానికి రెండు గంటలు దొరుకుతాయని మాత్రం దీని అర్థం కాదు. కొలిమి పరీక్ష పొగను కొలవదు. మన ఊళ్లో జరిగిన ప్రమాదాల్లో ప్రాణాలు ఎక్కువగా తీసింది పొగే.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ రేఖ గీసే నాటికి నిజమైన గదిలో మంట ఎంత వేడెక్కుతుందో పద్ధతిగా కొలిచినవాళ్లు లేరు. ఆ పని అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో సైమన్ ఇంగ్‌బర్గ్ 1920లలో చేశాడు. గదుల్లో బల్లలు, కాగితాలు నింపి పూర్తిగా తగలబెట్టి, 1928లో లెక్క ప్రకటించాడు. నేల మీద చదరపు మీటరుకు సుమారు 50 కిలోల కట్టె ఉంటే దాని మంట కొలిమిలో గంటతో సమానం, 100 కిలోలైతే రెండు గంటలు. ఇది ముతక లెక్క. కిటికీల సైజును బట్టి ఫలితం మారుతుందని తర్వాతివాళ్లు చూపించారు. అయినా రేటింగులోని గంటలకూ గదిలోని సామానుకూ ఉన్న ముడి ఇందులో తేటగా కనిపిస్తుంది.

ఈ ముడి హైదరాబాద్‌లో తెగేది సెల్లార్ దగ్గర. పార్కింగ్ కోసమని కట్టిన సెల్లార్‌ను తర్వాత గోదాముగా మారుస్తారు. ప్లాస్టిక్ కిలోకు ఇచ్చే వేడి కట్టె కంటే రెండింతలకు పైనే. చదరపు మీటరుకు 80 కిలోల ప్లాస్టిక్ సామాను పేర్చితే 160 కిలోలకు పైగా కట్టె పేర్చినట్టే, అంటే ఇంగ్‌బర్గ్ లెక్కలో మూడు గంటలు దాటిన మంట. పైన ఉన్న స్లాబ్ మాత్రం గంటకో రెండు గంటలకో వేసింది. స్లాబ్ మారలేదు, దాని కింద ఉన్న సరుకు మారింది.

ఇంతకీ స్లాబ్‌లో ఈ గంటలు ఎక్కడుంటాయి? కవర్‌లో. అంటే అడుగు రాడ్డుకూ స్లాబ్ కింది ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు పొరలో. కాంక్రీటు వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. స్లాబ్ కింద గంటసేపు మండి అక్కడ 900 డిగ్రీలు దాటినా, 20 మి.మీ. లోతులో వేడి దాదాపు 500 డిగ్రీలే ఉంటుంది. రాడ్డు విషయంలో ప్రమాదం అంచు ఆ 500 దగ్గరే ఉంది.

ఒక మామూలు స్లాబ్ తీసుకుందాం. మందం 125 మి.మీ., రెండు గోడల మీదే ఆనింది, అడుగున 10 మి.మీ. రాడ్లు. కవర్ 15 మి.మీ. అయితే రాడ్డు నడిమధ్య 20 మి.మీ. లోతున ఉంటుంది. అది సుమారు గంట తట్టుకుంటుంది. కవర్ 35 ఇస్తే నడిమధ్య 40కి వెళ్తుంది, అప్పుడు రెండు గంటలు. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు రాడ్ల మీద తొక్కితే కవర్ 5 మి.మీ.కు తగ్గిపోయిందనుకోండి, అరగంటే. స్లాబ్ మందం, సిమెంటు, రాడ్డు అన్నీ అవే. ముప్పావు అంగుళం తేడాకు గంట వస్తుంది, పోతుంది.

స్లాబ్ వరసగా మూడు నాలుగు దూలాల మీదుగా సాగితే కొంత వెసులుబాటు ఉంది. అడుగు రాడ్లు మెత్తబడినా దూలాల మీద పైభాగంలో ఉన్న రాడ్లు చల్లగా ఉండి బరువును తమ మీదకు తీసుకుంటాయి. అందుకే మన ఐఎస్ 456 కోడ్ 2000 ప్రతిలో రెండు గంటలకు విడి స్లాబ్‌కు 35 మి.మీ., వరస స్లాబ్‌కు 25 మి.మీ. కవర్ అడిగింది. దూలానికి ఇవే 40, 30. స్తంభానికి కవర్ 40 మి.మీ., నాలుగు వైపులా మంటకు ఎదురైతే వెడల్పు 300 మి.మీ. ఉండాలి. దానికి ముందున్న 1978 ప్రతి స్లాబ్‌కు మామూలుగా 15 మి.మీ. చాలంది. ఆ కాలంలో అమీర్‌పేటలో, అబిడ్స్‌లో కట్టిన వాణిజ్య సముదాయాలు ఆ పదిహేనుతో డిజైన్ చేసినవే అయి ఉంటాయి. సైట్‌లో ఆ పదిహేనైనా మిగిలేదా అన్నది మేస్త్రీ దయ. కవర్ బ్లాకులు లేక సెంట్రింగ్ మీద కంకర రాళ్లు పెట్టి రాడ్లు ఎత్తడం నేనే చాలాసార్లు చూశాను. కాంక్రీటు పడగానే ఆ రాళ్లు పక్కకు జారిపోతాయి. ఆ స్లాబ్ అడుగున కొన్నేళ్లకు రాడ్డు వెంట గీతలా తుప్పు మరక కనిపిస్తే కవర్ లేదని అర్థం. అది మంటకూ వర్తిస్తుంది.

ఇటుక సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. బట్టీలో 900 డిగ్రీలు చూసి వచ్చిన వస్తువుకు మంట కొత్త కాదు. తొమ్మిది అంగుళాల గోడ నాలుగు గంటలు సులువుగా నిలబడుతుంది. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ కూడా రెండు గంటల దాకా ఆగుతుంది. గోడను ఓడించేవి ఏసీ పైపుకూ కేబుళ్లకూ కొట్టి మూయకుండా వదిలేసిన బెజ్జాలు.

ఇక కవర్ ఉన్నా అది మంటలో ఊడిపోవచ్చు. కాంక్రీటులోని తేమ ఆవిరై బయటికి దారి దొరక్క, మొదటి అరగంటలోనే పెచ్చులు తుపాకీ పేలినట్టు ఎగిరిపడతాయి. కాంక్రీటు ఎంత చిక్కనిదైతే ఆవిరికి దారి అంత తక్కువ. కాబట్టి గచ్చిబౌలి వైపు లేస్తున్న టవర్లలో వాడే ఎక్కువ బలం గల కాంక్రీటుకు ఈ బెడద ఎక్కువ. ఘనపు మీటరుకు రెండు కిలోల పాలీప్రొపిలీన్ నారపోగులు కలపడం దీనికి విరుగుడు. వేడికి అవి కరిగి ఆవిరికి సన్నని దారులు వదులుతాయి. మన కంకరకు ఇంకో గుణం ఉంది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర తన నిర్మాణం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బి, చుట్టూ ఉన్న సిమెంటును పగలగొడుతుంది. సున్నపురాయి కంకరకు ఈ పోటు లేదు.

మంట ఆరాక ఏం మిగిలిందో తెలుసుకోవడానికి ముందు రంగు చూస్తారు. 300 డిగ్రీలు దాటిన కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, 600 పైన తెల్లని బూడిద రంగుకు, 900 దగ్గర లేత గోధుమ రంగుకు. హైదరాబాద్‌లో ఇక్కడే పొరపాటు పడతారు, ఎందుకంటే మన గ్రానైట్‌లో పుట్టు గులాబీ రంగు చాలా ఉంది. కంకరను కాదు, రాళ్ల మధ్య ఉన్న ఇసుక సిమెంటు ముద్దను చూడాలి. కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క, అంటే కోర్, తొలిచి తీసి గులాబీ పొర ఎంత లోతుదాకా ఉందో కొలిస్తే, ఆ లోతు వరకు బలం తగ్గిందని లెక్క.

రాడ్డు ఏ కాలానిదో కూడా తేల్చుకోవాలి. పాత మైల్డ్ స్టీల్ 700 డిగ్రీల దాకా వేడెక్కినా చల్లారాక బలం చాలావరకు తిరిగి తెచ్చుకుంటుంది. డెబ్బైల నుంచి తొంభైల దాకా వాడిన మెలిపెట్టిన టోర్ స్టీల్ అలా కాదు. చల్లగా మెలిపెట్టడం వల్ల వచ్చిన అదనపు బలం 450 డిగ్రీలు దాటాక తిరిగి రాదు. ఇప్పటి టీఎంటీ రాడ్డు కూడా 600 దాటితే పైపొరలోని గట్టిదనం పోగొట్టుకుంటుంది. అందుకే రాడ్డు ముక్క కోసి ల్యాబ్‌లో లాగి చూడందే ఎవరూ సంతకం పెట్టరు.

రేటింగ్ పరీక్షలో చల్లారే దశ ఉండదు. కొలిమి ఆపగానే లెక్క ముగుస్తుంది. నిజం భవనంలో బయట మంట ఆరినా పైపొరల్లోని వేడి ఇంకా లోపలికి పాకుతూనే ఉంటుంది, లోతున ఉన్న రాడ్డు తన గరిష్ఠ వేడికి చేరేది ఆ తర్వాతే. సాగిన దూలాలు కుంచించుకుంటూ స్తంభాలను తమవైపు లాగుతాయి. వేడికి సిమెంటులో విడివడిన సున్నం గాలిలోని తేమ తాగి మళ్లీ ఉబ్బి, కొత్త పగుళ్లు తెస్తుంది. ఫైర్ ఇంజన్లు వెళ్లిపోయిన మర్నాడు సామాను తెచ్చుకుంటామని వచ్చే దుకాణదారులను పోలీసులు తాడు కట్టి ఆపేది ఇందుకే.