కుట్టిన బ్యాడ్జ్ ఉంటే ఒరిజినలేనా? ఫోటోలో జెర్సీని ఎలా చూడాలి

మా మేనల్లుడు పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్నాడు, ఫుట్‌బాల్ అంటే వాడికి ప్రాణం, మొన్న రాత్రి వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపి "మావయ్యా, బరంపురంలో ఒకాయన అర్జెంటీనా జెర్సీ అమ్ముతున్నాడు, ప్లేయర్ వెర్షన్ అంట, బ్యాడ్జ్ కూడా ప్రింట్ కాదు, కుట్టిందే, తీసేసుకోనా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటలోనే నాకు అనుమానం వచ్చేసింది.

ఎందుకంటే ఈమధ్య వచ్చే జెర్సీలు మామూలుగా రెండు రకాలు. ఫ్యాన్స్ కోసం చేసే దాంట్లో బ్యాడ్జ్ ఎక్కువగా కుట్టే ఉంటుంది. గ్రౌండ్‌లో ఆడేవాళ్ళు వేసుకునే ప్లేయర్ వెర్షన్‌లో మాత్రం బరువు తగ్గాలి, ఛాతీకి ఒరుసుకోకూడదు కాబట్టి బ్యాడ్జ్‌ని వేడితో అతికిస్తారు, దారమే ఉండదు. మనవాళ్ళేమో "కుట్టు ఉంటే అసలు, అతికిస్తే డూప్లికేట్" అనుకుంటారు, దాంతో అసలు ప్లేయర్ జెర్సీని నకిలీ అని వదిలేసి నకిలీని కొనుక్కుంటారు. ఇక్కడ ప్లేయర్ వెర్షన్ అంటూనే దళసరి ఎంబ్రాయిడరీ ఉందంటే ఆ రెండూ పొసగవు.

సరే, ఒకవేళ అమ్మేవాడికే పేరు తెలీక ఫ్యాన్ వెర్షన్‌ని ప్లేయర్ అంటున్నాడేమో, కుట్టు చూద్దాం అని ఫోటో జూమ్ చేశా. ఏమీ కనపడలేదు. దీనికి చిన్న లెక్కుంది. జెర్సీ పొడవు సుమారు 72 సెంటీమీటర్లు అనుకుందాం, ఆ ఫోటో నిలువునా 1600 పిక్సెళ్ళు, అంటే ఒక్కో పిక్సెల్‌కి 0.45 మిల్లీమీటర్ల బట్ట వస్తుంది. ఎంబ్రాయిడరీలో పక్కపక్క దారాల మధ్య దూరం మామూలుగా 0.4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దారానికి ఒక పిక్సెల్ కూడా దక్కకపోతే ఇంక కుట్టు ఎక్కడ కనపడుతుంది? పైగా ఇలాంటప్పుడు బట్ట గళ్ళూ కెమెరా గళ్ళూ ఒకదానిమీద ఒకటి పడి నీటి అలల్లాంటి చారలు వస్తాయి, మువారే అంటారు దీన్ని, అది చూసి బట్ట నాసిరకం అనుకోకండి, ఆ తప్పు కెమెరాది.

అందుకే మావాడి చేత అమ్మేవాడికి చెప్పించి బ్యాడ్జ్ పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టించి దగ్గరగా తీయించా, వెలుతురు పక్కనుంచి పడేలా, ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమని, లేకపోతే వాట్సాప్ నలిపేస్తుంది. ఆ బిళ్ళ అడ్డం 27 మిల్లీమీటర్లు, ఫోటోలో అది 540 పిక్సెళ్ళు వచ్చింది, అంటే మిల్లీమీటరుకి 20. ఇప్పుడు ఒక్కో దారానికి 8 పిక్సెళ్ళు.

అప్పుడు కనపడింది. బ్యాడ్జ్‌లో ఏఎఫ్ఏ అనే మూడు అక్షరాల మధ్య సన్నటి దారం ఒక అక్షరం నించి ఇంకోదానికి దూకి అలాగే ఉండిపోయింది, మిషన్ అక్షరం మారినప్పుడు ఆ దారం కత్తిరించాలి, కత్తిరించలేదు. 'ఏ' లోపల ఉండాల్సిన చిన్న ముక్కోణం పూడుకుపోయింది. బ్యాడ్జ్ చుట్టూ బట్ట ముడతలు పడింది, దారం బిగువు ఎక్కువై కిందవేసే ఆధారపు గుడ్డ సరిపోకపోతే సాగే బట్ట ఇలాగే గుంజుకుంటుంది. ఒక్క దారం పోగు వేలాడితే నేను పట్టించుకోను, అసలుదాంట్లో కూడా ఉండొచ్చు. మూడూ ఒకేచోట ఉంటే మాత్రం వదలను.

బట్ట గురించి అందరూ నేత అంటాం గానీ జెర్సీ నేసింది కాదు, స్వెట్టర్‌లా ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. దగ్గరి ఫోటోలో ఆ ఉచ్చులు, గాలి రంధ్రాలు వరస తప్పకుండా ఉండాలి. ప్లేయర్ వెర్షన్లలో చెమట ఎక్కువ పట్టేచోట అల్లిక మారడం చాలాసార్లు చూస్తాం, ఇక్కడ వీపూ ఛాతీ ఒకే జల్లెడ. కానీ ఒక్క బట్ట చూసి తీర్పు చెప్పడం కష్టం, మంచి నకిలీలు అల్లికని బాగానే దించేస్తాయి.

చివరికి లోపలి ట్యాగ్. ఉతకడం గురించి రాసిన లేబుల్ దగ్గరే చిన్న ట్యాగ్ ఉంటుంది, అడిడాస్‌దైతే దానిమీద ఆరు గుర్తుల ఆర్టికల్ నంబర్, ఈమధ్యవాటిలో రెండు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగు అంకెలు. దాన్ని గూగుల్‌లో కొడితే అదే జెర్సీ, అదే రంగు, అదే వెర్షన్ రావాలి. మావాడు కొడితే నల్లరంగు ట్రైనింగ్ ప్యాంటు వచ్చింది! ఒకే ట్యాగ్‌ని వేల ముక్కలకి అచ్చేసి కుట్టేస్తుంటారు మరి. ఇందులో ఒక మెలిక ఉంది, నంబర్ కలవకపోతే దాదాపు నకిలీయే, కలిసిందంటే మాత్రం అసలని కాదు, నంబర్ కాపీ కొట్టడానికి పైసా ఖర్చు కాదు.

ఇంకోటి, ఫోటోలు అసలు జెర్సీవే పెట్టి నకిలీ పంపేవాళ్ళున్నారు. అందుకే ట్యాగ్ పక్కన ఆ రోజు తారీఖు, మనం చెప్పిన ఒక మాట చేత్తో రాసిన చీటీ పెట్టి ఒకే ఫోటో తీసి పంపమనాలి. బరంపురం ఆయన్ని అదే అడిగాం, రేపు పంపుతా అన్నాడు, మూడు రోజులైంది, ఇంకా రాలేదు.