ఫోన్ పెడితే ఛార్జింగ్ తప్ప ఫైల్స్ రావట్లేదు: ఈ తిప్పలు ఎక్కడ మొదలయ్యాయి

అనంతపురంలో ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడినా ఈ మాట వినపడుతుంది, "అన్నా, కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతాంది గానీ కంప్యూటర్లో ఫోన్ రావట్లేదు" అని. ఫోన్ పాడైపోయిందని అనుకుంటారు పాపం, చాలాసార్లు ఫోన్‌కి ఏమీ కాదు, దీని వెనక కొంచెం చరిత్ర ఉంది.

మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లు కేబుల్ పెట్టి యూఎస్‌బీ స్టోరేజ్ ఆన్ చేస్తే పెన్‌డ్రైవ్ లాగే డ్రైవ్ అక్షరంతో వచ్చేవి. అప్పుడు ఫోన్ తన మెమరీ కార్డుని మొత్తం కంప్యూటర్ చేతికి ఇచ్చేసేది, కాబట్టి కేబుల్ తీసేదాకా ఫోన్‌లో పాటలు, ఫోటోలు కనపడేవి కావు. ఒకే కార్డులో ఇద్దరూ ఒకేసారి రాస్తే ఫైల్స్ చెడిపోతాయి మరి. 2011లో ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఈ పద్ధతి మారింది, యాప్‌లూ ఫోటోలూ అన్నీ ఒకే లోపలి స్టోరేజ్‌లో ఉంటే దాన్ని కంప్యూటర్‌కి ఎలా ఇచ్చేస్తారు, ఫోనే ఆగిపోతుంది కదా. అందుకని ఎంటీపీ అనే ఫైల్స్ పంపే పద్ధతి తెచ్చారు. స్టోరేజ్ ఫోన్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ అడిగిన ఫైల్‌ని ఫోన్ తీసి ఇస్తుంది. ఇప్పుడు డ్రైవ్ అక్షరం కాకుండా ఫోన్ పేరు రావడానికి కారణం ఇదే.

అప్పటికీ కేబుల్ పెడితే ఫైల్స్ వచ్చేవి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి అదీ మారింది, కేబుల్ పెట్టగానే ఛార్జింగ్ ఒక్కటే, ఫైల్స్ కావాలంటే మనం చెప్పాలి. బస్టాండ్‌లోనో ఎవరి కంప్యూటర్‌కో ఛార్జింగ్ కోసం పెడితే వాళ్ళు మన ఫోటోలు లాగేసుకోకుండా ఇది మంచి పనే అని నేను గట్టిగా నమ్ముతాను. కాకపోతే ఈ సంగతి జనానికి ఎవరూ చెప్పలేదు.

ఇక కేబుల్ సంగతి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు వైర్లు ఉంటాయి, రెండు కరెంట్‌కి, రెండు డేటాకి. గోడ ఛార్జర్‌తో డేటా పని లేదు కాబట్టి చవక పవర్ బ్యాంకులు, ట్రిమ్మర్లతో వచ్చే కొన్ని కేబుళ్ళలో ఆ డేటా వైర్లు రెండూ ఎగ్గొడతారు. పైకి చూస్తే ఏ తేడా తెలీదు, ఫోన్ ఛార్జ్ అవుతూనే ఉంటుంది.

అంటే ఛార్జింగ్ మాత్రమే అనేది రెండు రకాలు, ఒకటి ఫోన్ కావాలని ఆపుకున్నది, ఇంకోటి డేటా దారే లేనిది. రెండూ విడదీసి చూస్తే సగం పని అయిపోయినట్టే.

మొన్న క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో ధర్మవరం నుంచి వచ్చిన పిల్లోడు హాల్ టికెట్ ప్రింట్ కోసం ఫోన్ పెట్టినాడు. బ్యాటరీ మీద మెరుపు గుర్తు వచ్చింది, కంప్యూటర్ టుంగ్ అని శబ్దం చేయలేదు, పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగితే యూఎస్‌బీ మాటే లేదు. సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా లాభం లేదు, ఎందుకంటే అవతల కంప్యూటర్ ఉందని ఫోన్‌కే తెలీదు. షాపాయన పవర్ బ్యాంక్ కేబుల్ తీసి ఇంకో కేబుల్ పెట్టగానే టుంగ్ అంది, నోటిఫికేషన్‌లో Charging this device via USB అని వచ్చింది. ఇప్పుడు ఇది మొదటి రకం. లాక్ తీసి దాని మీద నొక్కి, File transfer ఎంచుకుంటే ఫోల్డర్లు వచ్చేశాయి. కొన్ని ఫోన్లలో దీని పక్కన Android Auto అని కూడా ఉంటుంది, అదే ఆప్షన్.

మంచి కేబుల్‌తో కూడా ఆ నోటిఫికేషన్ రాకపోతే పోర్ట్ చూడాలి. టైప్-సీలో డేటా పిన్నులు మధ్యలో, కరెంట్ పిన్నులు వాటికి బయటివైపు ఉంటాయి, జేబులోని నూలు లోపల గట్టిపడి ప్లగ్ పూర్తిగా కూర్చోకపోతే ఛార్జింగ్ ఎక్కుతూనే డేటా పోవచ్చు. ప్లగ్‌ని తిరగేసి పెట్టి చూడండి. ప్లగ్‌లో డేటా జత ఒక్కటే ఉంటుంది, ఫోన్ పోర్ట్‌లో మాత్రం రెండు వైపులా ఉంటుంది, కాబట్టి ఒక వైపు పనిచేసి ఇంకో వైపు చేయకపోతే అనుమానం పోర్ట్ మీదికే పోవాలి. ఫోన్ ఆఫ్ చేసి ఆ నూలుని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, పిన్నీసు మాత్రం వద్దప్పా. పిన్నే వంగిపోయుంటే రిపేర్‌కి ఇవ్వాల్సిందే.

డెస్క్‌టాప్ అయితే ముందు పోర్ట్ వదిలేసి వెనక మదర్‌బోర్డ్ పోర్ట్‌లో పెట్టి చూడండి, ముందుది లోపల ఇంకో చిన్న కేబుల్ మీద నడుస్తుంది, అది వదులైన పీసీలు చాలానే ఉంటాయి. రోజూ ఫైల్స్ ఎక్కించే పని ఉన్నవాళ్ళు డెవలపర్ ఆప్షన్స్‌లో Default USB configuration దగ్గర File transfer పెట్టుకోవచ్చు, అయినా ఫోన్ లాక్ తీసేదాకా ఫైల్స్ రావు.