ఓవెన్ అద్దం మీద పెనం పొర

ఓవెన్ తలుపు అద్దం మీద గోధుమరంగు మరకలు ఎంత సబ్బు పెట్టినా పోవడం లేదని ఒక పాఠకురాలు రాశారు. పోవు, ఎందుకంటే అది ఇప్పుడు నూనె కాదు.

కొత్త ఇనుప పెనానికి నూనె రాసి పదేపదే కాలుస్తాం కదా? వేడికి నూనె అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానితో ఒకటి ముడిపడి, నల్లటి గట్టి పొరగా మారతాయి. దోసె అంటుకోకుండా లేచేది ఆ పొర వల్లే. ఓవెన్‌లో కోడి వేయించినప్పుడు చిట్లిన నూనె అద్దం మీద పడి సరిగ్గా ఇలాగే గట్టిపడుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో ఇలా ముడిపడే చోట్లు ఎక్కువ, కొబ్బరినూనెలో చాలా తక్కువ. పెనం మీద మనం కోరి పెంచుకునే పొరే అద్దం మీద మరక! సబ్బు విడి నూనెను పట్టుకుంటుంది కానీ ఈ వలను విప్పలేదు.

వంటసోడా క్షారమే, కానీ బలహీనమైనది. నీటిలో దాని pH సుమారు 8.3. అందుకే దానికి సమయం కావాలి. మాడిన నూనెలో పుట్టిన ఆమ్లాలతో అది మెల్లగా కలిసి సబ్బులాంటి పదార్థాన్ని చేస్తుంది, పొర ఉబ్బి పట్టు వదులుతుంది. సోడా రేణువులు అద్దం కన్నా మెత్తన కాబట్టి రుద్దినా గీతలు పడవు.

ఆరు చెంచాల సోడాకు రెండు చెంచాల నీళ్లు పోసి, జారకుండా నిలిచే ముద్ద చేయండి. ప్లగ్ తీసి, అద్దం చల్లారాక మందంగా పూయండి. హీటింగ్ కడ్డీలకూ తలుపు అంచు పట్టీకీ తగలనివ్వకండి. పైన పాలిథీన్ కాగితం కప్పి రాత్రంతా ఉంచండి. చాలామంది ఇక్కడే విఫలమవుతారు: ముద్ద ఎండితే చర్య ఆగిపోయి, మిగిలేది ఒట్టి పొడే. పొద్దున ముద్ద గోధుమరంగుకు తిరిగి ఉంటే పని జరిగినట్టే. ప్లాస్టిక్ ముక్కతో గీకి, తడిగుడ్డతో తుడవండి. మొండి మరకకు రెండో రాత్రి కావాలి.

ఇందులో వెనిగర్ కలపమని చాలాచోట్ల చెబుతారు. ఆ నురగ చూసి మురికి కరుగుతోందనుకోవడం ఒక మూఢనమ్మకమే, బడిలో అగ్నిపర్వతం ప్రయోగం చూపే మనమే దాన్ని పెంచుతున్నాం. అక్కడ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. సోడా తుడిచాక మిగిలే తెల్లటి పొరకు మాత్రం కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి.

స్టీలు ర్యాకుల కడ్డీలు గుండ్రంగా ఉండటంతో ముద్ద నిలవదు. కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే అంటుకుంటుంది. పూసి, తడిగుడ్డ చుట్టి, పాలిథీన్ సంచిలో రాత్రంతా ఉంచి, పొద్దున వేడినీళ్లలో తోమండి. ఇంకా పోకపోతే వేడినీళ్లలో బట్టల సోడా వేసి నానబెట్టవచ్చు, అది చాలా బలమైన క్షారం, చేతికి తొడుగులు వేసుకోవాలి. అల్యూమినియం ట్రేలను మాత్రం అందులో వేయకండి, నల్లబడి గుంటలు పడతాయి.

మరక రెండు అద్దాల మధ్య ఉంటే ఏ ముద్దా అక్కడికి చేరదు, తలుపు విప్పించాల్సిందే.