డయాగ్నోసిస్ ఒకటే, ప్రోగ్నోసిస్ మారుతుంది: మెదడులో రక్తస్రావం విషయంలో అపోహలు – వాస్తవాలు

ఐసీయూ బయట రోగి బంధువులు మమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగినా అవన్నీ చివరకు రెండింటిలోకి వస్తాయి: ఏమైంది, ఏమవుతుంది. మొదటిదానికి మేము చెప్పే జవాబు డయాగ్నోసిస్, అంటే రోగనిర్ధారణ. రెండోదానికి చెప్పేది ప్రోగ్నోసిస్, అంటే ఆ జబ్బు ఇకపై ఈ మనిషిలో ఏ దారిన నడుస్తుందన్న అంచనా. ఈ రెండూ కలగాపులగమైతే కుటుంబాలు ఎంత తొందరపాటు నిర్ణయాలు తీసుకుంటాయో నేను పనిచేసే న్యూరాలజీ విభాగంలో తరచూ చూస్తాను. అందుకే ఇక్కడ అన్ని జబ్బుల జోలికీ పోకుండా, బీపీ పెరిగి మెదడులో రక్తనాళం చిట్లిన కేసు ఒక్కదాన్నే పట్టుకుని రాస్తున్నాను.

అపోహ: జబ్బు పేరు తెలిసిందంటే ఏమవుతుందో కూడా తెలిసినట్టే.

మా దగ్గరకు తరచూ వచ్చే తరహా రోగి ఒకరిని ఊహించుకోండి. వయసు 58. బీపీ మాత్రలు మానేసి కొన్ని నెలలైంది. రాత్రి భోజనం చేస్తుండగా కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికి బీపీ 210/120 ఉంది. సీటీ స్కాన్‌లో మెదడు ఎడమ వైపు లోతుగా, బేసల్ గాంగ్లియా అనే భాగంలో రక్తపు గడ్డ కనిపించింది. డయాగ్నోసిస్ అక్కడికక్కడే తేలిపోయింది: మెదడులో రక్తస్రావం. ఇందులో సందేహానికి తావు లేదు, ఎందుకంటే తాజా రక్తం సీటీలో తెల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రోగ్నోసిస్‌కు మాత్రం ఆ పేరు ఒక్కటే చాలదు. గడ్డ ఎంత పెద్దది, ఎక్కడ ఉంది, మెదడు లోపల వెంట్రికల్స్ అనే నీటి గదుల్లోకి రక్తం చేరిందా, రోగికి స్పృహ ఎంత ఉంది, వయసు ఎంత అన్నవి చూడాలి. ఈ ఐదింటినీ కలిపి 2001లో ప్రచురించిన ఐసీహెచ్ స్కోరును ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్నాం. గడ్డ పరిమాణాన్ని స్కాన్ మీద పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, గుణించి, సగం చేసి లెక్కిస్తాం. మన రోగికి 5, 4, 3.5 సెంటీమీటర్లు వచ్చాయనుకుంటే గడ్డ 35 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్లు, అంతకు మించి ఉంటే ఒక పాయింటు. స్పృహను కళ్లు తెరవడం, మాట్లాడడం, కదలడం చూసి 3 నుంచి 15 వరకు అంకెలు వేసే కోమా స్కేలుతో కొలుస్తాం. ఈయనకు 11 వచ్చింది కాబట్టి మరో పాయింటు. వెంట్రికల్స్‌లోకి రక్తం పోలేదు, గడ్డ మెదడు కింది భాగంలో లేదు, వయసు 80 దాటలేదు. మొత్తం 2. ఈ స్కోరును రూపొందించిన అధ్యయనంలో 2 వచ్చిన వారిలో 26 శాతం మంది నెల రోజుల లోపు మరణించారు. అదే డయాగ్నోసిస్‌తో స్కోరు 0 వచ్చిన వారిలో ఒక్కరూ మరణించలేదు. 4 వచ్చిన వారిలో 97 శాతం మంది మరణించారు. జబ్బు పేరు ఒకటే అయినా ప్రోగ్నోసిస్‌లో ఉన్న తేడా అంత.

ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది. ఎడమ వైపు రక్తస్రావమైన రోగికి మాట పోయేది చాలాసార్లు స్పృహ తప్పడం వల్ల కాదు, మాటల కేంద్రాలు, వాటి అనుసంధానాలు దెబ్బతినడం వల్ల. కోమా స్కేలులో మాటకు వేసే అంకె దానివల్ల తగ్గిపోతుంది. ఈ రోగికి మాటకు 2 బదులు 4 పడి ఉంటే మొత్తం 13 అయ్యేది, ఐసీహెచ్ స్కోరు 1కి దిగేది, మరణావకాశం 26 నుంచి 13 శాతానికి తగ్గేది. అందువల్ల ఆ అంకెను చూసిన డాక్టరు రోగిని కూడా చూసి ఉండాలి. ఫోనులో స్కాన్ ఫొటో పంపి వేరే ఊళ్లోని బంధువుల డాక్టరును అడిగితే ఆయన డయాగ్నోసిస్ సరిగానే చెప్పగలరు, ప్రోగ్నోసిస్ చెప్పడం మాత్రం ఆయనకు చాలా కష్టం.

అపోహ: “48 గంటలు గడిస్తే గానీ చెప్పలేం” అనడం డాక్టర్లు తప్పించుకునే మాట.

కొన్ని సందర్భాల్లో ఆ మాటను అలవాటుగా వాడేస్తారు, నిజమే. కానీ మెదడు రక్తస్రావంలో దానికి గట్టి కారణం ఉంది. చిట్లిన నాళం స్కాన్ తీసే సమయానికి మూసుకుపోయి ఉంటుందన్న హామీ లేదు. లక్షణాలు మొదలైన మూడు గంటల లోపు స్కాన్ తీసిన వారిలో దాదాపు మూడో వంతు మందికి, తరువాతి ఒక రోజులో గడ్డ గణనీయంగా పెరుగుతుందని పరిశీలనల్లో తేలింది. ఆ తరువాత గడ్డ చుట్టూ వాపు మొదలై, తొలి రెండు మూడు రోజుల్లో వేగంగా పెరుగుతుంది. మొదటి రాత్రి మేము బీపీని త్వరగా 140 దగ్గరకు దించే ప్రయత్నం చేసేది, స్కాన్ మళ్లీ తీసేది అందుకే.

మన రోగికి తెల్లవారుజామున మత్తు పెరిగింది. రెండో స్కాన్‌లో గడ్డ 48 మిల్లీలీటర్లయింది, రక్తం వెంట్రికల్స్‌లోకి చేరింది. స్కోరు 3కి, మరణావకాశం 72 శాతానికి పోయింది. రాత్రి పది గంటలకు “పెద్ద ప్రమాదం లేదు” అని ఎవరైనా చెప్పి ఉంటే, పొద్దున్నే ఆ కుటుంబం “రాత్రి బాగానే ఉందన్నారు, లోపల ఏదో చేశారు” అనుకునేది. డయాగ్నోసిస్ తప్పలేదు, వైద్యం కూడా తప్పకపోయి ఉండవచ్చు; మారింది ప్రోగ్నోసిస్. అందుకని మొదటి రాత్రి నేను ఇలా చెబుతాను: “ఇప్పటికి పరిస్థితి ఇది. రేపు ఉదయానికి గడ్డ పెరిగితే విషమిస్తుంది, పెరగకపోతే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. రేపు పదకొండు గంటలకు మళ్లీ మాట్లాడతాను.” ఎదురుచూడమని చెప్పినప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నామో కూడా చెప్పని డాక్టరును ఆ ప్రశ్న నేరుగా అడగడంలో తప్పు లేదు.

అపోహ: “ఫిఫ్టీ ఫిఫ్టీ” అంటే లెక్క వేసి చెప్పిన మాట.

చాలాసార్లు కాదు. “నాకు తెలియదు” అనలేక అనే మాట అది. మా వృత్తిలో మానుకోవలసిన అలవాట్లలో ఇది ముందుంటుందని నా అభిప్రాయం. నిజంగా లెక్క వేసిన శాతం కూడా ఒక గుంపు గురించి చెబుతుందే తప్ప, మీ నాన్నగారి గురించి కాదు. 26 శాతం అంటే ఇలాంటి నూరు మందిలో 26 మంది నెలలోపు పోయారని. మీ నాన్నగారు ఆ 26 మందిలోనా, మిగతా 74 మందిలోనా అన్నది ఆ అంకె చెప్పదు. పైగా అది ప్రాణం ఉంటుందా పోతుందా అన్నదానికే పరిమితం. మళ్లీ నడుస్తారా, మాట వస్తుందా, సొంతంగా అన్నం తినగలరా అన్నవి వేరే ప్రశ్నలు, వాటి ప్రోగ్నోసిస్ కూడా వేరు. ప్రాణాపాయం తప్పిన తరువాత కాలు చేతికంటే ముందు తేరుకోవడం తరచూ చూస్తాం. ఎక్కువ మెరుగుదల తొలి మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తుంది, మాట ఆ తరువాత కూడా నెమ్మదిగా మెరుగుపడవచ్చు. “బతుకుతారా?” అని ఒక్కటే అడిగి, “అవును” అన్న జవాబుతో ఇంటికి వెళ్లిన కుటుంబం మంచం మీద మనిషిని చూసి మోసపోయామనుకుంటుంది. అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పవలసిన బాధ్యత అక్కడ డాక్టరుదే.

అపోహ: ప్రోగ్నోసిస్ బాగాలేదంటే ఇక వైద్యం అనవసరమని.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మొదటి రాత్రి “పరిస్థితి బాగాలేదు” అన్న మాట ఐసీయూ తలుపు దగ్గర నుంచి కింద ఆవరణలో ఉన్న బంధువుల దాకా చేరేసరికి “లాభం లేదన్నారు” అవుతుంది. పెద్దవాళ్లు కూర్చుని, ఖర్చు లెక్కలు చూసుకుని, ఊపిరి ఉండగానే ఇంటికి తీసుకెళ్దామని తీర్మానించి, డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామన్న కాగితం మీద సంతకం పెడతారు. వెంటిలేటరు తీశాక రోగి చనిపోతాడు, డాక్టరు చెప్పింది నిజమేనని అందరూ అనుకుంటారు. నిజానికి అక్కడ అంచనా నిజం కాలేదు, అంచనాను పట్టుకుని తీసుకున్న నిర్ణయం దాన్ని నిజం చేసింది.

ఈ చిక్కు ఐసీహెచ్ స్కోరులోనే ఉంది. స్కోరును రూపొందించిన ఆస్పత్రుల్లోనూ బాగా జబ్బుపడిన కొందరికి వైద్యం ఆపేశారు, ఆ మరణాలు కూడా శాతాల్లో కలిసిపోయాయి. వైద్యాన్ని తొలి రోజే తగ్గించుకున్న చోట మరణాలు ఎక్కువగా ఉంటాయని తరువాతి పరిశోధనలు చూపాయి. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022 మార్గదర్శకాలు, రోగి ముందే తన కోరిక రాసిపెట్టి ఉంటే తప్ప, గుండె ఆగితే తిరిగి ప్రయత్నించవద్దనే ఆదేశాలనూ వైద్యం ఉపసంహరణనూ కనీసం రెండో పూర్తి రోజు దాకా వాయిదా వేయడం సమంజసమని చెబుతున్నాయి. అన్ని కేసుల్లోనూ చివరి దాకా పోరాడమని దీని అర్థం కాదు. రెండు మూడు రోజుల తరువాత వైద్యం తగ్గించడమే సరైన మాట అయిన రోగులు ఉంటారు, అప్పుడు కుటుంబంతో ఆ మాట స్పష్టంగానే మాట్లాడతాం. మొదటి రాత్రి మాత్రం దానికి సమయం కాదు.

అపోహ: మనకు బాగా తెలిసిన డాక్టరైతే ప్రోగ్నోసిస్ కచ్చితంగా చెబుతారు.

2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, షికాగో ప్రాంతంలో మరణానికి దగ్గరైన 468 మంది రోగుల విషయంలో డాక్టర్ల అంచనాలను పరిశీలించారు. ఎక్కువ మంది డాక్టర్లు రోగి బతికే కాలాన్ని ఉన్నదానికంటే ఎక్కువగానే అంచనా వేశారు. రోగితో పరిచయం ఎక్కువయ్యేకొద్దీ అంచనా మరింత తప్పింది. వారిలో క్యాన్సర్ రోగులే ఎక్కువ, మెదడు రక్తస్రావం కేసులు కావు. అయినా ఆప్యాయత అంచనాను ఎటు లాగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫ్యామిలీ డాక్టరును తోడు తెచ్చుకోండి, మా మాటలు మీకు విడమరిచి చెబుతారు. అంచనా మాత్రం రోజూ రోగిని పరీక్షిస్తున్న బృందం నుంచే తీసుకోండి.

అపోహ: కేసు షీట్‌లో “గార్డెడ్ ప్రోగ్నోసిస్, అటెండర్లకు వివరించాం” అని సంతకం పెట్టించుకున్నారంటే ఆస్పత్రి చేతులు దులుపుకున్నట్టే.

“గార్డెడ్” అంటే ఎటైనా మారవచ్చు, ఇంకా తేలలేదు అని. మరణం ఖాయమని కాదు. ఆ సంతకం మీకు ఫలానా రోజు ఫలానా మాట చెప్పామనడానికి నమోదు మాత్రమే. నిర్లక్ష్యం జరిగి ఉంటే అది ఎవరినీ కాపాడదు. సంతకం పెట్టే ముందు ఏమి రాశారో చదివి వినిపించమని అడగండి. ప్రతి రోజూ కుటుంబం తరఫున ఒకరే మాట్లాడడం కూడా మేలు, ఎందుకంటే ఉదయం బావమరిదికి చెప్పినదీ సాయంత్రం కొడుకుకు చెప్పినదీ ఒక్కటే అయినా ఇంటికి చేరేసరికి రెండు కథలవుతాయి.

అపోహ: స్కాన్‌తో డయాగ్నోసిస్ పూర్తయిపోయింది.

రక్తస్రావం అని తేలడం డయాగ్నోసిస్‌లో మొదటి అంచె. ఎందుకు అయిందన్నది రెండో అంచె. బీపీ చరిత్ర ఉన్న మనిషికి బేసల్ గాంగ్లియాలో అయితే బీపీయే కారణమని దాదాపుగా నమ్మవచ్చు. అదే రక్తస్రావం మెదడు పైపొరలకు దగ్గరగా, 75 ఏళ్ల మనిషిలో అయితే రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమోనని, చిన్న వయసువారిలో అయితే పుట్టుకతో వచ్చిన నాళాల చిక్కుముడి ఉందేమోనని వెతుకుతాం. గడ్డ కరిగేదాకా అది కొన్నిసార్లు కనిపించదు కాబట్టి కొన్ని వారాల తరువాత మళ్లీ ఎంఆర్ఐ లేదా యాంజియోగ్రామ్ చేయిస్తాం. మళ్లీ వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండో అంచె మీదే ఆధారపడుతుంది: అమిలాయిడ్ వల్ల అయిన రక్తస్రావం తిరగబెట్టే అవకాశం ఎక్కువ, బీపీ వల్ల అయినదాన్ని మాత్రలతో చాలావరకు అదుపులో పెట్టవచ్చు. డిశ్చార్జి రోజున సమ్మరీలో రక్తస్రావం అన్న పేరు పక్కన కారణం రాసి ఉందో లేదో చూసుకుని, లేకపోతే దాన్ని తేల్చే పరీక్ష ఎప్పుడో అడిగి తేదీ రాయించుకోండి.